ట్యాన్ గ్రాఫ్‌ను సైన్, కాస్ గీతల నుంచే గీయడం: 90° దగ్గర నిలువు గీత ఎందుకొస్తుంది?

హన్మకొండ, కాజీపేట వైపు ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ పిల్లలు త్రికోణమితిలో గ్రాఫుల దాకా వచ్చేసరికి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. సైన్, కాస్ గీతలు ఎక్కడా తెగకుండా అలల్లా పోతుంటే, వాటిలో ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వచ్చే ట్యాన్ మాత్రం ముక్కలు ముక్కలుగా ఎందుకుంటుంది? మధ్యలో ఆ చుక్కల గీతలు ఎక్కడి నుంచి వచ్చాయి? ‘90 దగ్గర ఇన్ఫినిటీ’ అని బట్టీ పట్టినవాళ్ళు కూడా 91 దగ్గర విలువ మైనస్ యాభై ఏడు ఎందుకైందో చెప్పలేక ఆగిపోతారు.

దీనికి జవాబు ఒక గ్రాఫ్ షీటు మీదే దొరుకుతుంది. ముందు సైన్, కాస్ గీసి, వాటి మీదే ట్యాన్ కట్టుకుంటూ పోవాలి. పుస్తకంలో బొమ్మ చూసి దించితే గ్రాఫ్ వస్తుంది, కారణం రాదు. కింది వరుస తప్పకుండా చేయండి. ముఖ్యంగా 3వ మెట్టు దాటేసి 5కు పోవద్దు.

## 1. షీటు, స్కేలు సిద్ధం చేసుకోవడం

కావలసినవి:

- సెంటీమీటరు గళ్ళున్న గ్రాఫ్ షీటు ఒకటి. అడ్డంగా పెట్టుకుంటే కనీసం 22 సెం.మీ. వెడల్పు, 17 సెం.మీ. ఎత్తు ఉండాలి
- బాగా చెక్కిన పెన్సిలు, 30 సెం.మీ. స్కేలు, రబ్బరు
- మూడు రంగుల పెన్నులు. సైన్‌కు నీలం, కాస్‌కు ఎరుపు, ట్యాన్‌కు నలుపు అనుకుందాం
- సైన్, కాస్ విలువల పట్టిక లేదా సైంటిఫిక్ కాలిక్యులేటర్

స్కేలు ఇలా తీసుకోండి. అడ్డంగా 1 సెం.మీ. అంటే 15°. నిలువుగా 2 సెం.మీ. అంటే 1 యూనిట్. X అక్షం మీద −105° నుంచి 210° దాకా గుర్తించండి. అది మొత్తం 21 సెం.మీ. అవుతుంది. Y అక్షం మీద −4 నుంచి 4 దాకా చాలు, అది 16 సెం.మీ.

ఈ కొలతలే ఎందుకంటే, 15° గడిలో 30, 45, 60, 75 అన్నీ గీతల మీదే పడతాయి. 1 సెం.మీ.కు 20° తీసుకుంటే 45 గడి మధ్యలోకి పోయి, చుక్క పెట్టినప్పుడల్లా అంచనా వేయాల్సి వస్తుంది. ఇక నిలువుగా 10 దాకా పెట్టుకుంటే సైన్, కాస్ అలలు X అక్షానికి అతుక్కుపోయినంత చిన్నవైపోతాయి. ఈ పద్ధతిలో చూడాల్సింది వాటినే కాబట్టి వాటిని చిన్నబుచ్చకూడదు.

## 2. ముందు సైన్, కాస్ రెండూ ఒకే అక్షాల మీద

నీలం పెన్నుతో y = sin x గీయండి. −90° దగ్గర −1, 0° దగ్గర 0, 90° దగ్గర 1, 180° దగ్గర మళ్ళీ 0. మధ్యలో 30° దగ్గర 0.5, 60° దగ్గర 0.866 పెట్టుకుంటే వంపు సరిగా వస్తుంది.

ఎరుపుతో y = cos x గీయండి. −90° దగ్గర 0, 0° దగ్గర 1, 90° దగ్గర 0, 180° దగ్గర −1. ఆకారం సైన్‌దే, 90° ఎడమకు జరిగింది.

రెండు గీతలూ 2 సెం.మీ. పైకి, 2 సెం.మీ. కిందికి మించవు. ట్యాన్‌కు కావాల్సిన సమాచారమంతా ఈ నాలుగు సెంటీమీటర్ల పట్టీలోనే ఉంది.

## 3. గీతల మీద నాలుగు రకాల గుర్తులు

ట్యాన్ అంటే ప్రతి x దగ్గరా నీలం ఎత్తును ఎరుపు ఎత్తుతో భాగించగా వచ్చేది:

```
tan x = sin x / cos x
```

లెక్క మొదలుపెట్టకముందే, కళ్ళతో చూసి ఈ నాలుగూ గుర్తించండి.

నీలం గీత X అక్షాన్ని కోసే చోట్లు. 0°, 180°. అక్కడ లవం 0, హారం 1 లేదా −1. కాబట్టి ట్యాన్ 0. ఆ చోట X అక్షం మీద నల్ల చుక్క పెట్టండి.

నీలం, ఎరుపు ఒకదాన్నొకటి కోసుకునే చోటు. 45°. రెండు ఎత్తులూ సమానం కాబట్టి భాగిస్తే 1. (45, 1) దగ్గర చుక్క పెట్టండి. గీతలు కోసుకున్న ఎత్తు 0.707. చుక్క పెట్టాల్సింది దాని మీద కాదు, 1 ఎత్తులో. ఇక్కడ చాలామంది కోసుకున్న బిందువు మీదే చుక్క పెట్టేస్తారు.

నీలం, ఎరుపు అక్షానికి చెరో పక్కన సమాన దూరంలో ఉన్న చోట్లు. −45°, 135°. భాగిస్తే −1.

ఎరుపు గీత X అక్షాన్ని కోసే చోట్లు. −90°, 90°. ఇక్కడ హారం 0. భాగహారం చేయలేం, కాబట్టి ఆ x దగ్గర ట్యాన్‌కు విలువే లేదు. ఈ రెండు చోట్లా షీటు పైనుంచి కింది దాకా నిలువుగా పెన్సిలుతో చుక్కల గీత గీయండి. నిలువు అనంత స్పర్శరేఖలు, అదే ఎసింప్టోట్‌లు, ఇవే కాబోతున్నాయి. ఇంకా ఖరారు చేయలేదు, ఎందుకో 7లో చూద్దాం.

ఇప్పుడు ఒక్కసారి ఆగి ఆ చుక్కల గీత నీలం అలను ఎక్కడ తాకుతుందో చూడండి. 90° దగ్గర సరిగ్గా శిఖరం మీద, −90° దగ్గర సరిగ్గా అడుగున. ఇది కాకతాళీయం కాదు. sin²x + cos²x = 1 కాబట్టి, కాస్ సున్నా అయిన చోట సైన్ 1 గానీ −1 గానీ అయి తీరాలి. ఈ ఒక్క సంగతి మీదే మిగతా విషయమంతా నిలబడుతుంది.

## 4. గుర్తుల పట్టీ

X అక్షం కింద సన్నగా మూడు వరుసలు రాసుకోండి:

| x అంతరం | సైన్ | కాస్ | ట్యాన్ |
|---|---|---|---|
| −105° నుంచి −90° | − | − | + |
| −90° నుంచి 0° | − | + | − |
| 0° నుంచి 90° | + | + | + |
| 90° నుంచి 180° | + | − | − |
| 180° నుంచి 210° | − | − | + |

చుక్కల గీత దాటిన ప్రతిసారీ ట్యాన్ గుర్తు మారుతోంది. సైన్ తన గుర్తును నిలబెట్టుకుంటే, కాస్ అక్షాన్ని కోసి అవతలి పక్కకు పోయింది. అంతే తేడా.

## 5. భాగించి చుక్కలు పెట్టడం

| x | sin x | cos x | tan x | షీటు మీద ఎత్తు |
|---|---|---|---|---|
| 0° | 0 | 1 | 0 | 0 |
| 15° | 0.2588 | 0.9659 | 0.268 | 0.5 సెం.మీ. |
| 30° | 0.5 | 0.8660 | 0.577 | 1.2 సెం.మీ. |
| 45° | 0.7071 | 0.7071 | 1 | 2 సెం.మీ. |
| 60° | 0.8660 | 0.5 | 1.732 | 3.5 సెం.మీ. |
| 75° | 0.9659 | 0.2588 | 3.732 | 7.5 సెం.మీ. |

ఎడమ పక్కకు కొత్తగా లెక్క అక్కర్లేదు. x గుర్తు మారితే సైన్ గుర్తు మారుతుంది, కాస్ మారదు. కాబట్టి tan(−x) = −tan x. −15° నుంచి −75° దాకా ఇవే ఎత్తులు కిందికి పెట్టండి.

90° దాటాక కూడా పట్టిక ఇదే. x కు 180° కలిపితే సైన్, కాస్ రెండూ గుర్తు మార్చుకుంటాయి. భాగించేటప్పుడు ఆ రెండు మైనస్‌లూ కొట్టుకుపోతాయి. అందుకే సైన్, కాస్ 360°కి ఒకసారి పునరావృతమైతే ట్యాన్ 180°కే పునరావృతమవుతుంది. −75° దగ్గరున్న −3.732 తీసుకెళ్ళి 105° దగ్గర, −60° దగ్గరున్న −1.732 తీసుకెళ్ళి 120° దగ్గర పెట్టండి. అలాగే 165° దాకా.

పట్టికలో అంతరాలు గమనించారా? 0° నుంచి 15°కి ట్యాన్ పెరిగింది 0.27 మాత్రమే. 60° నుంచి 75°కి పెరిగింది సరిగ్గా 2. మొదట్లో లవం పెరుగుతోంది, హారం 1 దగ్గరే మెల్లగా కదులుతోంది. చివర్లో లవం 1కి చేరువై దాదాపు ఆగిపోయింది, హారమే వేగంగా కరుగుతోంది. అంటే 90° దగ్గర ట్యాన్‌ను నడిపేది సైన్ కాదు, కాస్. అక్కడ tan x దాదాపు 1/cos x తో సమానం.

## 6. 90° పక్కన అసలేం జరుగుతోంది

ఇది తొందరపడకుండా చేయాల్సిన మెట్టు. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో చూసుకుని ఈ విలువలు మీరే తీయండి:

| x | 90°కి దూరం | sin x | cos x | tan x |
|---|---|---|---|---|
| 80° | 10° | 0.9848 | 0.1736 | 5.67 |
| 85° | 5° | 0.9962 | 0.0872 | 11.43 |
| 89° | 1° | 0.9998 | 0.01745 | 57.29 |
| 89.9° | 0.1° | దాదాపు 1 | 0.001745 | 572.96 |
| 89.99° | 0.01° | దాదాపు 1 | 0.0001745 | 5729.58 |

89 నుంచి కిందికి చూడండి. దూరం పదోవంతు అయినప్పుడల్లా ట్యాన్ పది రెట్లవుతోంది. దీని వెనక ఉన్నది మామూలు సంగతే: 90°కి h డిగ్రీల దూరంలో ఉంటే cos(90° − h) = sin h. h చిన్నదైనప్పుడు sin h విలువ, h ను రేడియన్లలో రాసినంతే ఉంటుంది. ఒక రేడియన్ సుమారు 57.3° కాబట్టి:

```
tan x ≈ 57.3 / h      (h = 90 − x, డిగ్రీల్లో)
```

85° దగ్గర 57.3/5 = 11.46, అసలు విలువ 11.43. 80° దగ్గర 5.73, అసలు 5.67. 60° దగ్గరకొస్తే 1.91 వస్తుంది, అసలు 1.73. అంటే ఈ సూత్రం చివరి పది డిగ్రీల్లో బాగా పనికొస్తుంది, అవతల వాడకూడదు.

ఈ సూత్రం చేతిలో ఉంటే ‘అనంతం’ అన్న మాట లెక్కలోకి దిగుతుంది. ఎవరైనా ‘ట్యాన్ పది లక్షలు దాటుతుందా’ అని అడిగితే, 57.3ను పది లక్షలతో భాగించండి. 90°కి 0.0000573° కంటే దగ్గరికి వెళ్తే దాటుతుంది. ఎంత పెద్ద సంఖ్య అడిగినా దానికి సరిపోయే దూరం చెప్పగలం, ఆ లోపల ట్యాన్ ఎక్కడా ఆ సంఖ్య కిందికి రాదు. x = 90° నిలువు అనంత స్పర్శరేఖ అనడానికి అర్థం ఇదే.

ఇప్పుడు అవతలి పక్క. 91° దగ్గర సైన్ 0.9998, మళ్ళీ అదే. కాస్ మాత్రం −0.01745. కాబట్టి ట్యాన్ −57.29. 90.1° దగ్గర −572.96. దూరం అదే, పరిమాణం అదే, గుర్తు మాత్రం తారుమారు. కాబట్టి ఎడమ నుంచి 90°కి వస్తే గీత పైకి, కుడి నుంచి వస్తే కిందికి. రెండు పక్కల అవధులు వేరు కాబట్టి ‘tan 90° = ∞’ అని రాయడం తప్పు. tan 90° నిర్వచితం కాదు అని రాయండి. అవధి రాయాల్సి వస్తే ఏ పక్క నుంచి అన్నది రాసి తీరాలి.

కాస్ గీత అక్షాన్ని తాకి వెనక్కి వచ్చేదైతే ఈ తారుమారు ఉండేది కాదు. y = tan²x గీసి చూడండి: అవే చుక్కల గీతలు, కానీ హారం cos²x ఎప్పుడూ మైనస్‌లోకి పోదు కాబట్టి రెండు పక్కలా గీత పైకే పోతుంది.

## 7. హారం సున్నా అయితే చాలదు

‘హారం సున్నా అయిన చోటల్లా చుక్కల గీత’ అన్న సూత్రం మనసులో పెట్టుకుంటే ఎక్కడో ఒకచోట దెబ్బ తింటారు. ఒక ఉదాహరణ చాలు:

```
y = sin 2x / cos x
```

90° దగ్గర హారం 0. కానీ లవం sin 180° కూడా 0. విలువలు తీస్తే, 89° దగ్గర sin 178° = 0.0349, cos 89° = 0.01745, భాగిస్తే 2కు కాస్త తక్కువ. 91° దగ్గరా అంతే. గీత ఎక్కడికీ ఎగిరిపోవడం లేదు. కారణం, sin 2x = 2 sin x cos x. పైనా కిందా ఉన్న cos x కొట్టుకుపోతే మిగిలేది 2 sin x. కాబట్టి గ్రాఫ్ 2 ఎత్తున్న సైన్ అల. 90° దగ్గర మాత్రం ఒక చిన్న ఖాళీ సున్న పెట్టాలి, ఎందుకంటే అసలు సమాసానికి అక్కడ విలువ లేదు.

ట్యాన్‌లో ఇలా ఎప్పుడూ జరగదు. 3లో చూసినట్టు, కాస్ సున్నా అయిన చోట సైన్ ±1. లవం, హారం ఒకేసారి సున్నా కావడానికి వీల్లేదు. కాబట్టి 3లో పెన్సిలుతో గీసిన చుక్కల గీతలను ఇప్పుడు ఖరారు చేయొచ్చు. కొత్త భిన్నం ఇచ్చినప్పుడల్లా ముందు హారాన్ని సున్నా చేయండి, ఆ x దగ్గర లవం సున్నా కాదని చూసుకోండి, ఆ తర్వాతే చుక్కల గీత.

## 8. గీత కలపడం

నల్ల పెన్నుతో −90°, 90° మధ్యనున్న శాఖ ముందు గీయండి. కింది నుంచి మొదలై (−75, −3.73), (−45, −1), (0, 0), (45, 1), (75, 3.73) మీదుగా పైకి. స్కేలు వాడొద్దు, చేత్తోనే. 0° దగ్గర గీత దాదాపు తిన్నగా, అక్కడే అతి తక్కువ వాలుతో ఉండాలి.

షీటు పై అంచు ఎత్తు 4. ట్యాన్ 4 అయ్యేది 76° దగ్గర. అంటే గీత చుక్కల గీతకు ఇంకా 14° ఇవతల, సుమారు 9 మిల్లీమీటర్ల దూరంలో ఉండగానే షీటు దాటిపోవాలి. మీ గీత పై అంచు దగ్గర చుక్కల గీతకు అతుక్కున్నట్టుంటే అది తప్పుగా వంచిన గీత. అందంగా కనిపించాలని చాలామంది దాన్ని చుక్కల గీత వైపు లాగుతారు.

పెన్ను ఎత్తండి. 90° కుడి పక్కన, కింది అంచు నుంచి మళ్ళీ మొదలుపెట్టి (105, −3.73), (135, −1), (180, 0) మీదుగా 210° దగ్గర 0.577 దాకా. −90° ఎడమ పక్కన −105° దగ్గర 3.73 ఎత్తు నుంచి పైకి పోయే చిన్న ముక్క కూడా వస్తుంది.

ఒక సందేహం తరచూ వస్తుంది: ‘0° దగ్గర ట్యాన్ వాలు 1 అన్నారు, నా గీత 45° కోణంలో లేదేం?’ ఈ స్కేలులో ఒక రేడియన్ 3.82 సెం.మీ., ఒక యూనిట్ ఎత్తు 2 సెం.మీ. కాబట్టి గీత సుమారు 28° కోణంలోనే కనిపిస్తుంది. 45° కనిపించాలంటే X అక్షాన్ని రేడియన్లలో, రెండు అక్షాలకూ ఒకే స్కేలుతో గీయాలి. గీత తప్పు కాదు, చెరపొద్దు.

## 9. మార్చిన రూపం: y = 2 tan(3x − 30°) + 1

పరీక్షలో ఇలాంటిది వస్తే కాస్‌నే అడగండి. ట్యాన్ లోపలున్న కోణానికి కాస్ ఎక్కడ సున్నా?

1. 3x − 30° = 90° + 180°n, ఇక్కడ n పూర్ణాంకం. అంటే x = 40° + 60°n. చుక్కల గీతలు −20°, 40°, 100° దగ్గర.
2. రెండు చుక్కల గీతల మధ్య దూరం 60°. ఇదే ఆవర్తనం. 180ని 3తో భాగించినా ఇదే రావాలి. రాకపోతే మొదటి మెట్టులో పొరపాటు ఉంది.
3. మధ్య బిందువు: 3x − 30° = 0 అయ్యే x = 10°. అక్కడ y = 1. ఇది −20°, 40°లకు సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూసుకోండి.
4. లోపలి కోణం 45° అయ్యే x = 25°. అక్కడ y = 2 × 1 + 1 = 3. −45° అయ్యే x = −5°. అక్కడ y = −1.

మూడు చుక్కలు, రెండు చుక్కల గీతలతో శాఖ వచ్చేసింది. ముందున్న 2 గానీ, చివరన ఉన్న +1 గానీ చుక్కల గీతలను కదిలించలేవు. కాస్ లోపలి కోణాన్ని అవి ముట్టుకోవు మరి. −30°ని చూసి గీతలను 30° జరిపేయడం బాగా కనిపించే పొరపాటు. 3తో భాగించాక జరిగేది 10° మాత్రమే.

## 10. కాలిక్యులేటర్, కంప్యూటర్ పెట్టే చిక్కులు

tan 90 కొడితే −1.995 వచ్చింది. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంది. అది 90 రేడియన్ల ట్యాన్. డిగ్రీలకు మార్చి కొడితే ‘Math ERROR’ రావాలి. అదే సరైన జవాబు.

పైథాన్‌లో విలువ వచ్చేసింది. ఇలా రాస్తే:

```python
import math
print(math.cos(math.pi/2))   # 6.123233995736766e-17
print(math.tan(math.pi/2))   # 1.633123935319537e+16
```

`math.pi` అసలైన π కాదు, కంప్యూటరు దాచుకోగలిగినన్ని అంకెల దాకా తీసుకున్న దగ్గరి విలువ. అందుకే కాస్ సున్నా కాకుండా దానికి అతి దగ్గర్లో ఆగింది, ట్యాన్ ఆ చిన్న సంఖ్యకు విలోమమైంది. ఇది tan 90° విలువ కాదు.

గ్రాఫ్‌లో చుక్కల గీత ఉండాల్సిన చోట గట్టి నిలువు గీత వచ్చింది. సాఫ్ట్‌వేర్ పక్కపక్క బిందువులను కళ్ళు మూసుకుని కలుపుతుంది. పైనున్న చివరి బిందువును కిందున్న మొదటి బిందువుతో కలిపితే వచ్చిన గీత అది, అనంత స్పర్శరేఖ కాదు. కాస్ బాగా చిన్నదైన చోట విలువలు తీసేస్తే పోతుంది:

```python
import numpy as np
import matplotlib.pyplot as plt

x = np.linspace(-np.pi, np.pi, 2001)
c = np.cos(x)
y = np.sin(x) / c
y[np.abs(c) < 0.02] = np.nan
plt.plot(x, y)
plt.ylim(-4, 4)
plt.show()
```

`ylim` లేకపోయినా ఇబ్బందే. పెద్ద విలువలు అక్షాన్ని లాగేసి, మధ్యలో ఉన్న వంపు చదునుగా పడిపోతుంది.

## 11. ఎండలో సరిచూసుకోవడం

మీటరు పొడవున్న కర్రను చదునైన నేల మీద నిటారుగా నిలబెడితే, నీడ పొడవు మీటర్లలో ట్యాన్ విలువే. కోణం మాత్రం నడినెత్తి నుంచి సూర్యుడు ఎంత వాలాడన్నది తీసుకోవాలి.

వరంగల్ అక్షాంశం సుమారు 18° ఉత్తరం. డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యుడు 23.4° దక్షిణాన ఉంటాడు కాబట్టి, మిట్టమధ్యాహ్నం కోణం 41.4°. నీడ ఉత్తరం వైపు 88 సెం.మీ. జూన్ 21న సూర్యుడు మనకు ఉత్తరాన 5.4° దూరంలో ఉంటాడు. నీడ 9.5 సెం.మీ. దక్షిణం వైపు. ఉత్తరాన్ని ప్లస్ అనుకుంటే ఇది మైనస్. మధ్యలో మే రెండో వారంలో ఒకసారి, జూలై నెలాఖరు, ఆగస్టు మొదటి రోజుల మధ్య ఇంకోసారి నీడ సున్నా అయి పక్క మారుతుంది. ట్యాన్ 0° దగ్గర మెత్తగా గుర్తు మార్చుకోవడం ఇది.

90° వైపు చూడాలంటే సాయంత్రం. కోణం 75° దగ్గర నీడ 3.73 మీటర్లు, 85° దగ్గర 11.4, 88° దగ్గర 28.6, 89° దగ్గర 57 మీటర్లు. మార్చి, సెప్టెంబరు నెలల్లో మన దగ్గర సూర్యుడు సాయంత్రం ఒక డిగ్రీ దిగడానికి సుమారు నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే చివర్లో నాలుగు నిమిషాల్లో నీడ రెట్టింపు. కొలత మాత్రం 80° దాకానే నమ్మండి. సూర్యబింబమే అర డిగ్రీ వెడల్పు కాబట్టి ఆ తర్వాత నీడ కొస మసకబారుతుంది, క్షితిజం దగ్గర గాలి వెలుతురును వంచుతుంది, పొలం గట్టు ఎత్తు కూడా లెక్క చెడగొడుతుంది.

## 12. షీటు ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

- ప్రతి చుక్కల గీతా సైన్ శిఖరం మీదుగానో అడుగు మీదుగానో పోతోందా?
- ప్రతి నల్ల సున్నా నీలం సున్నా మీదే ఉందా?
- నీలం, ఎరుపు కోసుకున్న x దగ్గర ట్యాన్ ఎత్తు 1 ఉందా, 0.707 కాదు కదా?
- ప్రతి శాఖా ఎడమ నుంచి కుడికి ఎక్కుతూనే ఉందా? ఎక్కడైనా దిగితే గుర్తుల పట్టీలో తప్పుంది
- చుక్కల గీతను దాటేటప్పుడు పెన్ను ఎత్తారా?
- పై అంచు దగ్గర 9 మి.మీ. ఖాళీ ఉందా?
- ప్రదేశం రాసేటప్పుడు 90° + 180°n తీసేశారా? 90°ని మాత్రమే తీసేస్తే −90°, 270° మిగిలిపోయి మార్కులు పోతాయి